సుత్తి పట్టే చేతిలో వేలు పట్టేస్తోందా? ట్రిగర్ ఫింగర్‌కు ఇంట్లో, పనిలో, ఆసుపత్రిలో ఏం చేయాలి

పొద్దున లేచి పిడికిలి బిగించి తెరుస్తారు. నాలుగు వేళ్లు తెరుచుకుంటాయి, ఉంగరపు వేలు మాత్రం మడతలోనే ఉండిపోతుంది. ఇంకాస్త బలం పెడితే టక్కున చప్పుడు చేసి తెరుచుకుంటుంది, ఒక్కోసారి రెండో చేత్తో లాగితే గానీ రాదు. డాక్టర్లు దీన్ని ట్రిగర్ ఫింగర్ అంటారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండలు చెక్కేవాళ్లలో, కడప వీధుల్లో ఇళ్లకు బండ పరిచే మేస్త్రీలలో, అనంతపురం చీనీ తోటల్లో కొమ్మలు కత్తిరించేవాళ్లలో, దర్జీలలో, మెకానిక్కులలో ఈ వేలును చూస్తూనే ఉంటాను. నేను ఫిజియోథెరపిస్టును. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే రెండు మూడు నెలలు తప్పు చోట వైద్యం చేసుకుని ఉంటారు. అందుకే ఆ చోటు దగ్గరే మొదలుపెడతాను.

నొప్పి తెలిసే చోటు వేరు, రోగం ఉన్న చోటు వేరు

టక్కుమనే చప్పుడు వేలి మధ్య కణుపులో తెలుస్తుంది. నొప్పి కూడా చాలామందికి అక్కడే అనిపిస్తుంది. దాంతో ఆ కణుపుకే తైలం రాస్తారు, ఆ కణుపుకే గుడ్డ చుడతారు. అసలు తగాదా ఉన్నది అరచేతిలో, వేలి మొదలుకు కాస్త కింద.

మీరే వెతికి చూడండి. అరచేయి పైకి పెట్టండి. వేళ్లకు దగ్గరగా అడ్డంగా పోయే గీత ఒకటి ఉంటుంది, చేయి చూసి జాతకం చెప్పేవాళ్లు హృదయ రేఖ అంటారే, అది. ఉంగరపు వేలికి, చిటికెన వేలికి ఆ గీత మీదే, ఆ వేలికి తిన్నగా కింద నొక్కాలి. చూపుడు వేలికైతే దాని కింది అడ్డగీత మొదలయ్యే చోట, నడిమి వేలికి ఈ రెండు గీతల నడుమ. బొటనవేలికి దాని మొదట్లో ఉన్న మడత మీద. రెండో చేతి బొటనవేలితో అక్కడ గట్టిగా నొక్కిపట్టి, బాధపెట్టే వేలును మెల్లగా మడిచి తెరవండి. రోగం ఉంటే నొక్కిన చోట ముల్లు గుచ్చినట్టు నొప్పి వస్తుంది. చాలామందికి కందిగింజంత గట్టి బుడిపె వేలితో పాటు ముందుకూ వెనక్కూ జరగడం కూడా తెలుస్తుంది.

ఆ బుడిపె ఉన్నది స్నాయువు మీద, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి దాని మీద. వేలిని మడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి నుంచి బయలుదేరిన స్నాయువులు అరచేతి గుండా వేలి కొన దాకా పోతాయి. అవి ఎముకను వదిలి పైకి లేవకుండా దారి పొడుగునా చిన్న చిన్న కట్లు ఉంటాయి, డాక్టర్లు పుల్లీలు అంటారు. వాటిలో మొదటిదైన ఏ1 పుల్లీ ఉన్నది మీరు ఇప్పుడు నొక్కిన చోటే. అక్కడ పుల్లీ మందమవుతుంది, దాని కింద జారే స్నాయువు ఉబ్బుతుంది. లాగు బొందుకు ముడి పడితే నడుము పట్టీలో ఎలా ఇరుక్కుంటుందో ఇదీ అంతే. మడిచేటప్పుడు బలమైన కండరాలు ముడిని లాగేస్తాయి. తెరిచే కండరాలకు అంత బలం లేదు, అందుకే వేలు తెరుచుకునేటప్పుడే పట్టేస్తుంది.

ఎందుకు వచ్చింది

పనిముట్టు పిడి ఈ పుల్లీ మీదే కూర్చుంటుంది. సుత్తి పట్టినప్పుడు పిడి అరచేతిలో ఎక్కడ ఒత్తుకుంటుందో గమనించండి, సరిగ్గా ఆ అడ్డగీతల మీద. పిడికిలి ఎంత గట్టిగా బిగిస్తే స్నాయువు అంత గట్టిగా పుల్లీకి రాసుకుంటుంది. పైన పిడి ఒత్తిడి, లోపల స్నాయువు రాపిడి, మధ్యలో పుల్లీ. కటింగ్ మెషిన్ అదురు దీనికి తోడవుతుంది. తడి బండ పొడి చేతికి అంటి పిడి జారుతుంటే మనిషి తెలియకుండానే ఇంకా గట్టిగా బిగిస్తాడు.

అలాగని పని ఒక్కదాని మీదే నేరం మోపడం సరికాదు. ఒకే గుంపులో ఇరవై ఏళ్లుగా సుత్తి పట్టినవాళ్లలో కొందరికే ఇది వస్తుంది. పనిముట్టు ఎన్నడూ పట్టని ఆడవాళ్లకూ వస్తుంది, నిజానికి మొత్తం మీద ఆడవాళ్లలోనే ఎక్కువ, అదీ 40 నుంచి 60 ఏళ్ల మధ్య. అన్నిటికన్నా పెద్ద తోడు దొంగ షుగర్. మామూలు జనంలో జీవితకాలంలో వందకు ఇద్దరు ముగ్గురికి ఈ రోగం వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో వందకు పది మంది దాకా వస్తుంది. వాళ్లలో ఒకటికి మించి వేళ్లు పట్టేయడం కూడా ఎక్కువ. థైరాయిడ్ తక్కువగా ఉండటం, కీళ్లవాతం కూడా కారణాలే. కాబట్టి 35 దాటి వేలు పట్టేస్తుంటే, ముఖ్యంగా రెండు వేళ్లు పట్టేస్తుంటే, షుగర్ పరీక్ష చేయించకుండా చికిత్సకు దిగవద్దు. వేలు చూపించుకోవడానికి వచ్చి తనకు షుగర్ ఉందని మొదటిసారి తెలుసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

ఏ దశలో ఉన్నారో చూసుకోండి

నొక్కితే నొప్పి, పొద్దున బిగుతు, కానీ పట్టేయడం లేదు అంటే ఇంకా మొదట్లోనే ఉన్నట్టు. పట్టేస్తోంది కానీ వేలు తనంతట తానే తెరుచుకుంటోంది అంటే రెండో దశ. రెండో చేత్తో లాగితే గానీ రావడం లేదంటే మూడోది. లాగినా పూర్తిగా తెరుచుకోకుండా మధ్య కణుపు వంగిపోయి ఉండిపోతే నాలుగోది. మొదటి రెండు దశల్లో, అదీ మొదలై ఆరు నెలలు దాటకపోతే, వేలిని వంగకుండా ఆపే రేకు కట్టుకు, అంటే స్ప్లింటుకు మంచి అవకాశం ఉంది. మూడో దశలో సగం సగం. నాలుగో దశలో స్ప్లింటుతో నెలలు గడపకుండా నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వంగిన కణుపు ఆలస్యమైనకొద్దీ గట్టిపడి, ఆపరేషన్ చేసినా పూర్తిగా చాపుకోనివ్వదు.

ఇది ట్రిగర్ ఫింగర్ కాని సందర్భాలు రెండు గుర్తుపెట్టుకోండి. అరచేతిలో తాడులా గట్టి పట్టీ ఏర్పడి, నొప్పి లేకుండా, టక్కుమనకుండా వేలు మెల్లమెల్లగా నెలల తరబడి వంగుతూ పోతే అది వేరే రోగం. దాన్ని డాక్టరుకు చూపించాలి గానీ తొందరేమీ లేదు. రెండోది తొందరపడాల్సింది. బండ చీలిక గుచ్చుకుందో, ముల్లు దిగిందో, ఒకటి రెండు రోజుల్లో వేలు మొత్తం ఉబ్బి, సగం మడిచిన భంగిమలో నిలిచిపోయి, కొద్దిగా చాపినా ప్రాణం పోయేంత నొప్పి వస్తుంటే స్నాయువు గూడులో చీము పడుతున్నట్టు. దానికి స్ప్లింటూ వద్దు, తైలమూ వద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ముందు పిడి మార్చండి

స్ప్లింటుకన్నా ముందు పనిముట్టు. దీన్ని ఒక మనిషి విషయంలో చెబితే సులభంగా అర్థమవుతుంది.

బండలు పరిచే మేస్త్రి ఒకాయన, 48 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్. కుడి ఉంగరపు వేలు మూడు నెలలుగా పట్టేస్తోంది, తనంతట తానే తెరుచుకుంటోంది, అంటే రెండో దశ. తన సుత్తిని తెచ్చి చూపించమన్నాను. పిడి చివర విరిగితే కోసి పొట్టిగా చేసుకున్నాడు, ఆ కోసిన అంచు సరిగ్గా అరచేతి మధ్యలో దిగుతోంది. వాడి వాడి నున్నగా, సన్నగా అయిపోయింది. ఎడమ చేతిలో పట్టే ఉలి వేలు లావు కూడా లేదు. చేతిని చూస్తే హృదయ రేఖ మీద కాయ కాచి ఉంది, బుడిపె దాని కిందే.

పిడి లావు ఎంత ఉండాలో తెలుసుకోవడానికి కొలత టేపు అక్కర్లేదు. పిడిని పిడికిలిలో పట్టుకుంటే బొటనవేలు వచ్చి నడిమి వేలి గోరును కాస్త కప్పాలి. బొటనవేలు నడిమి వేలిని దాటి చాలా దూరం పోతోందంటే పిడి సన్నం. మామూలు చేతికి మూడున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల వ్యాసం సరిపోతుంది. సన్నమైతే పాత సైకిల్ ట్యూబును చీల్చి, కొద్దిగా సాగదీస్తూ ఒక వరస పైన ఒక వరస చుట్టండి. చివర రెండు అంగుళాలు ఎక్కువ చుడితే చేయి జారదు. ఉలికి కూడా పట్టే చోట ఇదే చుట్టు. రబ్బరు అదురును కాస్త మింగుతుంది, జారకుండా పట్టు ఇస్తుంది కాబట్టి వేళ్లు బిగించాల్సిన అవసరం తగ్గుతుంది. పిడి పొడవు అరచేతి కింది అంచు దాటి కనీసం రెండు వేళ్ల వెడల్పు బయటకు రావాలి. పిడి కొన అరచేతిలో ఆగకూడదు, ఇది ఒక్కటీ సరిచేసినా చాలా తేడా వస్తుంది.

చేతి తొడుగులు మందంగా ఉంటే మంచిదనుకుంటారు. మందం పెరిగినకొద్దీ పిడి మీద పట్టు తెలియక ఇంకా గట్టిగా పిసుకుతారు. పలుచగా ఉండి, అరచేతి వైపు రబ్బరు పూత ఉన్నవి మేలు. కటింగ్ మెషిన్‌కు పక్క పిడి పెట్టుకుని రెండు చేతులతో పట్టండి. చాలామంది ఆ పక్క పిడిని కొన్న రోజే విప్పి పక్కన పారేస్తారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దెబ్బ కొట్టే క్షణంలో తప్ప మిగతా సమయంలో పిడికిలి వదులు చేయడం అలవాటు చేసుకోవాలి. అరగంటకోసారి పనిముట్టు కింద పెట్టి వేళ్లు పూర్తిగా చాపి పది అంకెలు లెక్కపెట్టండి. చెక్కే పనిని రోజంతా ఒకేసారి పెట్టుకోకుండా, కొలత, సున్నం కలపడం, పరచడంతో కలిపి విడగొట్టుకుంటే పుల్లీకి మధ్యలో ఊపిరి అందుతుంది.

స్ప్లింట్: ఏ కణుపును ఆపాలి

మందుల దుకాణంలో వేలి స్ప్లింట్ అడిగితే నీలం స్పాంజి అతికించిన అల్యూమినియం రేకు ఒకటి ఇస్తారు. దాన్ని వేలి మొత్తానికి పెట్టి ప్లాస్టర్ చుట్టేస్తారు. నాటు కట్టు కట్టేవాళ్లూ అదే పని చేస్తారు. మూడు వారాలు తిరిగేసరికి టక్కుమనడం కాస్త తగ్గుతుంది, కానీ మధ్య కణుపు బిర్రబిగిసి సగం కూడా మడవదు. ఒక రోగం పోయి ఇంకోటి వచ్చినట్టే.

ఆపాల్సింది వేలి మొదటి కణుపును, అంటే పిడికిలి బిగిస్తే గుబ్బలా పైకి లేచే దాన్ని. అది వంగకపోతే స్నాయువు పుల్లీ కింద ఎక్కువ దూరం జారదు, ముడి ఇరుక్కోదు. మధ్య కణుపు, కొన కణుపు స్వేచ్ఛగా మడవాలి. అప్పుడు వేలు బిగుసుకోదు, చిన్న పనులకు అడ్డూ రాదు.

వీలైతే ఫిజియోథెరపిస్టు దగ్గర వేడి నీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ రేకుతో మీ చేతి కొలతకు చేయించుకోండి, అదే నమ్మకమైనది. కుదరకపోతే అదే నీలం స్పాంజి రేకుతో ఇంట్లో ఇలా చేసుకోవచ్చు.

రేకు వెడల్పు సుమారు రెండు సెంటీమీటర్లు ఉండేది తీసుకోండి. వేలి మధ్య కణుపు మడతకు అర సెంటీమీటరు ముందు ఒక గుర్తు పెట్టండి. అరచేతి నడిమి గుంటలో ఇంకో గుర్తు. ఈ రెంటి మధ్య దూరం మగవాళ్ల చేతికి ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. అంత పొడవు కత్తిరించి, అంచులు గుచ్చుకోకుండా ప్లాస్టర్‌తో మూసి, మూలలు గుండ్రంగా చేయండి. స్పాంజి వైపు చర్మానికి ఉండేలా అరచేతి వైపు పెట్టండి. వేలి మొదటి కణుపు తిన్నగా గానీ, కొద్దిగా వంగి గానీ ఉండాలి. పది పదిహేను డిగ్రీల వంపు చాలు, అంటే అరచేయి పైకి ఉండేలా చేయి బల్ల మీద ఆనించినప్పుడు వేలు కాస్త పైకి లేచినట్టు ఉండే వంపు. రేకును అందుకు తగ్గట్టు వంచి, రెండు పట్టీలతో కట్టండి. ఒకటి వేలి మొదటి ఎముక చుట్టూ, రెండోది అరచేతి చుట్టూ, బొటనవేలు ఆ పట్టీలో చిక్కకుండా.

కట్టాక నాలుగు పనులు చేసి చూడండి. మధ్య కణుపును పూర్తిగా మడవండి, మడవకపోతే రేకు పొడవు ఎక్కువైంది, కాస్త కోయాలి. పక్క వేళ్లు పిడికిలి బిగించండి, రేకు తగిలి ఆగిపోతే దాని వెడల్పు తగ్గించాలి. వేలి కొనను నొక్కి వదలండి, ఎరుపు రెండు మూడు క్షణాల్లో తిరిగి రావాలి, రాకపోతే పట్టీ బిగుతుగా ఉంది. చివరగా పిడికిలి బిగించడానికి ప్రయత్నించండి. అరచేతిలో టక్కుమనడం ఇంకా తెలుస్తుంటే మొదటి కణుపు ఇంకా వంగుతోంది, రేకును ఇంకాస్త తిన్నగా చేయాలి. బొటనవేలికైతే ఈ రేకు పనికిరాదు. దానికి మొదటి కణుపును ఆపే వేరే ఆకారం కావాలి, అది చేయించుకోవాల్సిందే.

ఎంతకాలం? కనీసం ఆరు వారాలు, చాలామందికి ఎనిమిది నుంచి పది వారాలు. పగలూ రాత్రీ వేసుకోవాలి. అన్నం తినడానికి, స్నానానికి, చేయి కడుక్కోవడానికి తీయవచ్చు. తీసినప్పుడల్లా మెల్లగా వేలి మధ్య, కొన కణుపులను మాత్రం కొక్కెంలా మడిచి చాపాలి, పదిసార్లు. టక్కుమనేంత వరకు పిడికిలి బిగించి చూడటం మాత్రం చేయవద్దు. రోజూ అది తగ్గిందా లేదా అని పదేపదే పరీక్షించి, మానుతున్న చోటును మళ్లీ మళ్లీ రేపుకునేవాళ్లే ఎక్కువ. వారానికి ఒక్కసారి, ఒకే పొద్దున చూసుకోండి చాలు.

ఒక విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండాలి. గిర్రున తిరిగే ఏ యంత్రం దగ్గరా స్ప్లింట్ వేసుకోవద్దు. కటింగ్ మెషిన్, గ్రైండర్, డ్రిల్లింగ్ మెషిన్, పట్టీ చిక్కుకుంటే వేలే పోతుంది. అవి నడిపేటప్పుడు తీసి జేబులో పెట్టుకోండి, పని అయ్యాక వేసుకోండి. అంటే సుత్తి, మెషిన్ పని చేసేవాళ్లకు స్ప్లింట్ పూర్తి సమయం కుదరదు. దాని ఫలితం కాస్త తగ్గుతుందన్న మాట దాచిపెట్టడం వల్ల లాభం లేదు. పని గంటల్లో పిడి మార్పు, మిగతా గంటలన్నీ స్ప్లింట్, ఇదే కుదిరిన దారి.

పొద్దున వేలు పట్టేసి ఉంటే బలంతో విదిలించి తెరవకండి. గోరువెచ్చని నీళ్లలో చేయి ఐదు నిమిషాలు ముంచి, మణికట్టును కాస్త లోపలికి వంచండి, స్నాయువు వదులవుతుంది. ఆ తర్వాత వేలిని రెండో చేత్తో పట్టి నెమ్మదిగా తెరవండి. నొప్పి తగ్గించే జెల్ రాసుకుంటే కొద్దిగా ఉపశమనం ఉంటుంది, అంతకు మించి ఆశించవద్దు. నొప్పి మాత్రలు రోజుల తరబడి వాడటం మాత్రం మంచిది కాదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, మండుటెండలో చెమట కక్కుతూ పని చేసేవాళ్లకు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. బుడిపెను బొటనవేలితో గట్టిగా రుద్దితే కరుగుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు, కరగదు, ఉబ్బుతుంది.

మేస్త్రి విషయానికి వస్తే, ఆరు వారాలు పని లేని వేళలన్నీ స్ప్లింట్ వేసుకున్నాడు, పిడి మార్చాడు. పగటిపూట పట్టేయడం దాదాపు ఆగింది. పొద్దున మాత్రం ఇంకా ఒకటి రెండుసార్లు టక్కుమంటోంది, నొక్కితే నొప్పి అలాగే ఉంది. మూడు వారాలు చూసినా ఏ మార్పూ లేకపోతే, ఆరు వారాలకు సగం కూడా తగ్గకపోతే, తర్వాతి మెట్టు ఎక్కాలి.

ఇంజెక్షన్

కడప, కర్నూలు, అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఎముకల విభాగం ఓపీలో చూపించుకోవచ్చు. ఇక్కడ ఇచ్చేది స్టెరాయిడ్ ఇంజెక్షన్, మత్తు మందుతో కలిపి, అంతా కలిపి ఒక మిల్లీలీటరు అటూఇటూ. అరచేతిలో ఆ పుల్లీ దగ్గర స్నాయువు గూడులోకి ఇస్తారు. చేతిలో గుచ్చుతున్నప్పుడు బాగానే నొప్పి పుడుతుంది. మత్తు దిగాక ఒకటి రెండు రోజులు ఇంకా నొప్పి ఉండవచ్చు, దాన్ని చూసి భయపడనక్కర్లేదు. గుణం వెంటనే కనిపించదు. కొందరికి నాలుగైదు రోజుల్లో, కొందరికి మూడు వారాలకు.

షుగర్ లేనివాళ్లలో ఒక్క ఇంజెక్షన్‌తో సగానికన్నా ఎక్కువమందికి పట్టేయడం పోతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఆ శాతం తగ్గుతుంది, పోయినా తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పైగా ఇంజెక్షన్ తర్వాత ఒక వారం దాకా రక్తంలో చక్కెర పెరుగుతుంది. కాబట్టి ముందే డాక్టరుకు షుగర్ ఉందని, ఏ మందులు వాడుతున్నారో చెప్పండి. ఆ వారం రోజూ పరగడుపున పరీక్షించుకోండి. మేస్త్రికి మామూలుగా 150 చుట్టూ ఉండే పరగడుపు చక్కెర ఇంజెక్షన్ తర్వాత నాలుగు రోజులు 220 దాటింది, తర్వాత దానంతటదే దిగింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, 300 దాటినవాళ్లు మాత్రం దిగుతుందిలే అని కూర్చోకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి.

గుచ్చిన చోట చర్మం తెల్లబడటం, కింద కొవ్వు కరిగి గుంట పడటం అప్పుడప్పుడు జరుగుతుంది. స్నాయువు తెగడం చాలా అరుదు, కానీ ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు వేయించుకుంటే ఆ భయం పెరుగుతుంది. ఒకే వేలికి రెండు, మహా అయితే మూడు, వాటి మధ్య కొన్ని నెలల ఎడం. అంతకు మించి అడిగితే మంచి డాక్టరు ఇవ్వరు. ఇంజెక్షన్ రోజు నుంచి రెండు వారాలు సుత్తి పట్టకండి, స్ప్లింట్ కొనసాగించండి. నొప్పి పోయిందని మర్నాడే పనికెక్కినవాళ్లు మళ్లీ అదే వరసలో ఓపీ ముందు నిలబడి కనిపిస్తారు.

ఆపరేషన్

ఇంజెక్షన్ రెండుసార్లు విఫలమైనప్పుడు, వేలు పూర్తిగా బిగిసిపోయినప్పుడు, లేదా షుగర్ వల్ల ఇంజెక్షన్ మీద నమ్మకం తక్కువైనప్పుడు ఆపరేషన్. పేరుకు ఆపరేషన్ అంటాం గానీ, అరచేతిలో ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు కోత పెట్టి, ఏ1 పుల్లీని పొడవునా తెరిచేస్తారు. పావుగంట పని. చేతికి మాత్రమే మత్తు ఇస్తారు, మీరు మెలకువగానే ఉంటారు. మధ్యలో డాక్టరు వేలు మడవమంటారు, పట్టేయకుండా జారితే పని అయిపోయినట్టు. పుల్లీ పోతే పట్టు పోదా అని మేస్త్రీలు అడుగుతారు. వేలిలో ఇంకా పుల్లీలు ఉన్నాయి, ఆ మొదటి దాని లోటు పట్టులో కనిపించదు. కోత లేకుండా సూదితోనే పుల్లీని తెరిచే పద్ధతి కూడా ఉంది. బొటనవేలు, చూపుడు వేలి దగ్గర నరాలు సూదికి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటికి చాలామంది డాక్టర్లు కోతనే ఎంచుకుంటారు. కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఈ పుల్లీని తెరవడం మంచిది కాదు, వాళ్లకు వేరే రకం ఆపరేషన్ చేస్తారు. కాబట్టి ఉదయాన్నే రెండు చేతుల వేళ్లూ గంటకు పైగా బిగుసుకుపోతుంటే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఆపరేషన్‌కు ముందు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. అది బాగా ఎక్కువగా ఉంటే చీము పట్టే అవకాశం ఎక్కువ, దించుకుని వెళ్లడం మేలు. ఈ ఆపరేషన్ ఒక నెల ఆలస్యమైతే కొంపలు మునిగేదేమీ లేదు.

ఆపరేషన్ అయిన సాయంత్రం నుంచే వేలు మడిచి చాపడం మొదలుపెట్టాలి. ఇక్కడ స్ప్లింట్ వద్దు, కదపకపోతే స్నాయువు కొత్త గాయానికి అతుక్కుంటుంది. చేయి మొదటి రెండు మూడు రోజులు ఛాతీకన్నా ఎత్తులో ఉంచండి. కట్టు తడవనివ్వకండి. సిమెంటు, సున్నం, బండ పొడి కుట్ల దరిదాపుల్లోకి రాకూడదు. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. రెండు వారాలకు తేలికపాటి పనులు, గీత గీయడం, కొలతలు చూసుకోవడం, చేయవచ్చు. సుత్తి మాత్రం నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే పట్టాలి. కుట్లు మానాక మచ్చ మీద కొబ్బరినూనెతో రోజూ రెండుసార్లు ఐదేసి నిమిషాలు గుండ్రంగా నొక్కుతూ రుద్దాలి. మచ్చ నొప్పి రెండు మూడు నెలల దాకా ఉండవచ్చు, అది పిడి తగిలే చోటే కాబట్టి మేస్త్రీలకు ఎక్కువగా తెలుస్తుంది. కోత చుట్టూ ఎరుపు పాకుతూ, చీము కారుతూ, జ్వరం వస్తే, లేదా వేలి కొన మొద్దుబారి అలాగే ఉండిపోతే కుట్లు తీసే రోజు దాకా ఆగకుండా వెళ్లి చూపించండి.

మా మేస్త్రికి ఆపరేషన్ దాకా పోలేదు. ఇంజెక్షన్ తర్వాత మూడో వారానికి పొద్దుటి పట్టేయడం కూడా ఆగింది. ఎనిమిది నెలలకు ఎడమ చేతి నడిమి వేలు మొదలైంది, ఉలి పట్టే చేయి. ఈసారి అరచేతిలో నొప్పి తెలిసిన వారానికే వచ్చాడు. ఉలికి ట్యూబు చుట్టు ఊడిపోయి ఉంది, కొత్తది చుట్టించి, అదే రోజు స్ప్లింట్ కట్టాం.